ఉపకారమా, వేతనమా? – కాయితాల కతలు, ఏడో భాగం



పోయిన భాగం కుల ధ్రువీకరణ పత్రంలో ఇంటిపేరు తప్పుపడితే ఏమవుతుందో రాశాను. దాని కింద చాలామంది పిల్లలు ఇంటర్న్‌షిప్ డబ్బుల గురించి అడిగారు. "స్టైపెండ్‌లో కోత పెట్టిన్రు మేడమ్, ఎందుకో చెప్తలేరు" అని ఒకరు, "మాకు పేస్లిప్ ఇయ్యరంట" అని ఇంకొకరు. అందరికీ విడివిడిగా జవాబు రాసే బదులు, పోయిన ఏడాది నా కళ్ల ముందు జరిగిన ఒక్క కథ చెప్తాను. ఆ అమ్మాయి నా డిగ్రీ విద్యార్థిని. పేరు రాయొద్దంది, అంకెలన్నీ రాసుకోమంది.

2025 జూన్ నడుమ ఆమె టీసీ కోసం కాలేజీకి వచ్చింది. 2024లో డిగ్రీ అయింది. అక్టోబర్ నుంచి 2025 మార్చి దాకా ఆరు నెలలు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఇంటర్న్‌గా చేసింది. వీడియో పాఠాలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాసే పని. పొద్దున పదికి పోవాలి, సాయంత్రం ఆరు దాటాక రావాలి, సెలవు కావాలంటే టీమ్ లీడర్‌ను అడగాలి. ఆఫర్ లెటర్‌లో నెలకు 18,000 స్టైపెండ్ అని ఉంది. బ్యాంకులో పడింది మాత్రం నెలకు 16,050.

"మిగతాది ఏమైందమ్మా?" అన్నాను.

"ట్యాక్స్ అన్నరు మేడమ్."

"ఏం ట్యాక్స్?"

"అడిగిన. ఇంటర్న్‌లకు పేస్లిప్ ఉండదు, ట్యాక్స్ కట్ అయితది అన్నరు. మల్ల అడిగితే బాగుండదని ఊకున్న."

నెలకు 1,950. ఆరు నెలలకు 11,700. వాళ్ల నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. ఆ మొత్తం కోసం ఎన్ని బస్తాలు మోయాలో ఆమెకు తెలుసు. అయినా ఊకుంది. దాన్ని పిరికితనం అనుకోకండి. చేతిలో ఎంత పెడితే అంత తీసుకుని పక్కకు జరగడం మనకు తరాల అలవాటు. మా తాత జీతం ఉన్న దొర దగ్గర ఖాతాపుస్తకం ఉండేది. అందులో తాత పేరు ఉండేది, పేరు పక్కన అంకెలు ఉండేవి. ఆ అంకెలు ఏం చెప్తున్నాయో తాతకు తప్ప అందరికీ తెలుసు. ఆయన చేతికి వచ్చింది ఆయన చూశాడు. కోసుకున్నది ఎంతో, దేనికోసమో చూడలేదు.

పాస్‌బుక్ చేసేదీ అదే. ఖాతాలో పడింది చూపిస్తుంది, పడకముందు కోసింది చూపించదు. ఆ అమ్మాయి పాస్‌బుక్‌లో ఆరు నెలలూ 16,050 అనే ఉంది. అందుకే పేస్లిప్ కావాలి. మొత్తం ఎంత, ఏ పేరుతో ఎంత కోశారు, చేతికి ఎంత ఇచ్చారు, ఈ మూడూ ఒకే కాయితం మీద కనపడేది అక్కడే. దాన్ని పేస్లిప్ అంటారా, పేమెంట్ అడ్వైస్ అంటారా, కంపెనీ లెటర్‌హెడ్ మీద నెలవారీ పట్టిక అంటారా వాళ్ల ఇష్టం. ఆ మూడు అంకెలు ఉంటే చాలు.

ఇక కోతకు మూలం దగ్గరికి పోదాం. అది పేరులోనే ఉంది.

స్టైపెండ్‌కు, స్కాలర్‌షిప్‌కు రెండింటికీ తెలుగులో "ఉపకార వేతనం" అనే రాస్తుంటాం. తెలుగు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి ఈ మాట దగ్గర నేను ఆగుతాను. ఉపకారమూ వేతనమూ ఎదురెదురు మాటలు. ఉపకారం చేసిన పనికి బదులు కాదు. వేతనం చేసిన పనికి బదులు. రెంటినీ కలిపి ఒక్క మాట చేశాం, తీసుకునేవాడికి తనకు ఏది అందుతోందో తెలియకుండా పోయింది. ఆదాయపు పన్ను చట్టం అడిగేది ఈ ప్రశ్నే: ఇది ఉపకారమా, వేతనమా?

చదువు ఖర్చు కోసం ఇచ్చిన స్కాలర్‌షిప్ అయితే 1961 చట్టంలోని సెక్షన్ 10(16) కింద దాని మీద పన్ను లేదు. నా పీహెచ్‌డీ రోజుల్లో వచ్చిన ఫెలోషిప్ ఆ కోవలోదే, అందులో పైసా కోత పడలేదు. కానీ పని చేయించుకుని ఇచ్చే డబ్బుకు స్టైపెండ్ అని పేరు పెట్టినంత మాత్రాన అది స్కాలర్‌షిప్ అయిపోదు. పదింటికి పోయి ఆరింటికి వచ్చి సబ్‌టైటిల్స్ రాసి తెచ్చుకున్నది చదువు ఖర్చు కోసం ఎవరో ఇచ్చిన దానం కాదు, పనికి వచ్చిన డబ్బు. (బాబాసాహెబ్‌కు 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌కు కూడా, తిరిగొచ్చాక పదేళ్లు అక్కడ కొలువు చేయాలన్న ఒప్పంద పత్రం ఉంది. ఉపకారానికి సైతం కాయితం ఉందన్నమాట.)

సరే, పనికి వచ్చిన డబ్బే. ఏ రకం పని? ఇక్కడ చట్టం రెండు దారులు చూపిస్తుంది. ఉద్యోగిగా పని చేస్తే అది జీతం, సెక్షన్ 192. అప్పుడు కంపెనీ ఏడాది మొత్తం ఆదాయం లెక్కగట్టి, పన్ను పడేంత ఉంటేనే కోయాలి. స్వతంత్రంగా వృత్తి చేసుకునే మనిషి అయితే, అంటే డాక్టర్, లాయర్, కన్సల్టెంట్ లాంటివాళ్లయితే, అది ఫీజు, సెక్షన్ 194జె. అక్కడ ఏడాది లెక్కలు ఉండవు. పరిమితి దాటితే నేరుగా పది శాతం కోయడమే. ఆ పరిమితి అప్పట్లో ఏడాదికి 30,000, 2025 ఏప్రిల్ నుంచి 50,000 అయింది.

ఆరు నెలలకు ఈ అమ్మాయి మొత్తం 1,08,000. ఆ ఏడాది కొత్త విధానంలో మూడు లక్షల దాకా పన్నే లేదు. జీతం అని రాసి ఉంటే ఆమె దగ్గర కోయాల్సింది సున్నా. ఫీజు అని రాశారు కాబట్టి నెలకు 1,800 కోశారు. మనిషి అదే, కుర్చీ అదే, పని అదే. అకౌంట్స్‌లో ఎవరో ఏ గడిలో రాశారన్నదే తేడా.

టైముకు రావాలి, సెలవు అడగాలి, పైవాళ్లు చెప్పినట్టు చేయాలి అంటే నా లెక్కలో అది ఉద్యోగమే. పెట్టిన పేరుతో పని లేదు. మరి కంపెనీలు ఇంటర్న్‌లను 194జెలో ఎందుకు వేస్తాయి? వాళ్లకు సులువు కాబట్టి. ఏడాది అంచనాలు అక్కర్లేదు, ఉద్యోగి అంటే వెంట వచ్చే పీఎఫ్, ఈఎస్ఐ ప్రశ్నలూ రావు. ఈ గడి మార్చమని ఇంటర్న్‌గా ఉన్నప్పుడు కొట్లాడి గెలిచిన పిల్లల్ని నేను ఇంతవరకు చూడలేదు. కానీ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. టీడీఎస్ అంటే పన్ను కట్టడం అయిపోయిందని కాదు. మీ పేరు మీద ప్రభుత్వం దగ్గర ముందుగా జమ చేసిన సొమ్ము. ఏడాది చివర మీ అసలు పన్ను సున్నా అని తేలితే అదంతా మీదే, రిటర్న్ వేసి అడిగితే వస్తుంది. అడగకపోతే రాదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. పీహెచ్‌డీ అయ్యాక మూడేళ్లు ఒక కాలేజీలో గంటల లెక్కన గెస్ట్ ఫ్యాకల్టీగా చెప్పాను. వచ్చే అరకొర గౌరవ వేతనంలో పది శాతం కోసి ఇచ్చేవాళ్లు. అది పన్ను, పోయింది అనుకున్నాను. నాతోపాటు గెస్ట్‌గా చెప్పిన ఇంకొకామె ప్రతి సెప్టెంబర్‌లో "రీఫండ్ పడింది" అని స్వీట్లు తెచ్చేది. నేను ఆ స్వీట్లు తిన్నాను గానీ, రీఫండ్ అంటే ఏమిటని అడగలేదు. వాళ్ల బాబాయి ఆడిటర్. మా ఇంట్లో ఆడిటర్ అన్న మాట పలికిన మొదటి మనిషిని నేనే. నాకు తెలిసేసరికి గడువులన్నీ దాటాయి. తెలుగులో డాక్టరేట్ ఉండి, మూడేళ్ల కోత అట్లా వదిలేశాను. అందుకే ఆ అమ్మాయి "ఊకున్న" అనగానే నాకు కోపం ఆమె మీద రాలేదు.

ఆ రోజే స్టాఫ్ రూమ్‌లో కూర్చుని incometax.gov.in లో ఆమె పాన్‌తో రిజిస్టర్ చేయించాను. లోపలికి పోయాక e-File → Income Tax Returns → View Form 26AS అని నొక్కితే ట్రేసెస్ అనే ఇంకో సైట్ తెరుచుకుంటుంది. అక్కడ ఏడాది ఎంచుకుంటే ఒక పట్టిక వస్తుంది. మన పేరు మీద ఎవరు, ఏ తేదీన, ఏ సెక్షన్ కింద, ఎంత ఇచ్చామని చెప్పి, ఎంత కోసి, ఎంత కట్టారో అందులో ఉంటుంది. దొర ఖాతాపుస్తకం ఈసారి మన వైపు తిరిగి ఉంటుందన్నమాట. మొదటిసారి తెరిచినప్పుడు నాకు చేతులు వణికాయి, సిగ్గులేకుండా చెప్తున్నా.

ఆమె పట్టికలో మూడే వరుసలు ఉన్నాయి. అక్టోబర్, నవంబర్, డిసెంబర్. ఒక్కో వరుసలో 18,000, కోత 1,800, కట్టింది 1,800. సెక్షన్ గడిలో 194J. పక్కన F అన్న అక్షరం. అంటే లెక్క సరిపోయిందని, సొమ్ము ప్రభుత్వానికి చేరిందని అర్థం. అక్కడ U ఉంటే మాత్రం చలానా లెక్క కలవలేదని తెలుసుకోవాలి.

జనవరి, ఫిబ్రవరి, మార్చి లేవు.

"కట్ చేసిన్రు కదా మేడమ్, మరి ఏడ పోయినయి?"

ఇక్కడ తొందరపడి కంపెనీ తినేసిందని పోస్టు పెట్టకండి, కాస్త తేదీలు చూడండి. కోసిన పన్నును కంపెనీ మరుసటి నెల ఏడో తేదీలోగా కట్టాలి, మార్చి నెలది మాత్రం ఏప్రిల్ 30లోగా. కట్టినంత మాత్రాన మన పట్టికలో కనపడదు. మూడు నెలలకోసారి ఎవరి పేరు మీద ఎంత కట్టారో స్టేట్‌మెంట్ వేయాలి, అప్పుడే మన వరుస పుడుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా లెక్కకు గడువు జనవరి 31. జనవరి నుంచి మార్చి లెక్కకు మే 31. కాబట్టి ఏప్రిల్‌లో చూసి చివరి మూడు నెలలు లేవని గుండెలు బాదుకోనక్కర్లేదు. జూన్ నడుమ కూడా లేకపోతే మాత్రం ఎక్కడో తేడా ఉంది. స్టేట్‌మెంట్ వేయకపోయి ఉండొచ్చు, పాన్ తప్పు కొట్టి మన వరుస ఇంకొకరి పట్టికలో పుట్టి ఉండొచ్చు, లేదా కోసింది అసలు కట్టకపోయి ఉండొచ్చు.

అప్పుడు చూడండి, పేస్లిప్ లేకపోవడం ఎక్కడ దెబ్బ కొట్టిందో. కోసిన పన్నును మళ్లీ మననుంచే కట్టించుకోవద్దని చట్టంలో సెక్షన్ 205 ఉంది. కానీ కోశారని మనం చూపించాలి కదా. జనవరిలో ఆమె ఖాతాలో 16,050 పడింది. 18,000 ఇచ్చి కోస్తే 16,050 మిగిలిందా, లేక ఆ నెల ఇవ్వాల్సిందే 16,050 అనుకుని ఇచ్చారా? బ్యాంకు కాయితం దీనికి జవాబు చెప్పదు. ఆమె దగ్గర ఉన్నది ఆఫర్ లెటర్ ఒక్కటే. అది ఇస్తామన్న మాటే గానీ ఇచ్చినదానికి రుజువు కాదు. అయినా ఆఫర్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కపక్కన పెడితే కొంత బలం వచ్చింది. కొన్నిచోట్ల స్టైపెండ్‌ను మేనేజర్ సొంత ఫోన్ నుంచి యూపీఐ కొడుతున్నారు. అట్లాంటి పిల్లలకు అదీ ఉండదు, ఎవరో తెలిసినవాళ్లు పంపినట్టే కనపడుతుంది. అక్కడ చేసేవాళ్లు డబ్బు పడ్డ రోజే "ఫలానా నెల స్టైపెండ్ ఇంత అందింది" అని కంపెనీ మెయిల్‌కు రాసి పెట్టుకోండి. వాళ్లు జవాబివ్వకపోయినా మీ మెయిల్ తేదీతో సహా ఉంటుంది.

మెయిల్ రాయించాను. బతిమాలే భాష వద్దన్నాను, బెదిరించే భాష కూడా వద్దన్నాను. రెండు విషయాలే అడిగింది. ఒకటి, ఆరు నెలలకు నెలవారీగా మొత్తం, ఏ పేరుతో ఎంత కోత, చేతికిచ్చింది, లెటర్‌హెడ్ మీద. రెండు, రెండు త్రైమాసికాలకు ఫారం 16ఏ. అడుగున తన పాన్ రాసి, చివరి మూడు నెలలు 26ఏఎస్‌లో కనపడటం లేదని ఒక వాక్యం.

నాలుగు రోజులకు జవాబు: "ఇంటర్న్‌లకు ఫారం 16 ఇవ్వం."

ఇది చాలామందికి వచ్చే జవాబే. అబద్ధం కాదు, కానీ అడిగింది అది కాదు. ఫారం 16 జీతగాళ్లకు, ఏడాదికోసారి. ఫారం 16ఏ జీతం కాని కోతలకు, మూడు నెలలకోసారి. కంపెనీయే 194జె అని రాసుకుంది కాబట్టి 16ఏ ఇవ్వడం దాని బాధ్యత. స్టేట్‌మెంట్ గడువు దాటిన పదిహేను రోజుల్లో, అంటే చివరి త్రైమాసికానికి జూన్ 15లోగా. ఆ ఒక్క అక్షరం ఎత్తిచూపుతూ మళ్లీ రాసింది. ఈసారి హెచ్ఆర్ నుంచి కాదు, అకౌంట్స్ నుంచి ఫోన్ వచ్చింది. చివరి త్రైమాసికం స్టేట్‌మెంట్ ఆలస్యమైందని, వేస్తున్నామని. జూలై చివరికి మిగిలిన మూడు వరుసలు పుట్టాయి. రెండు 16ఏలూ వచ్చాయి. ట్రేసెస్ నుంచి దింపిన అసలు 16ఏ మీద సర్టిఫికెట్ నంబర్ ఉంటుంది. వర్డ్‌లో టైపు చేసి ముద్ర గుద్ది పంపితే అది 16ఏ కాదు.

లెటర్‌హెడ్ పట్టిక కూడా వచ్చింది. అందులో ఇంకో చిత్రం బయటపడింది. కోత 1,950లో పది శాతం 1,800 మాత్రమే. మిగతా 150 ఎదురుగా ప్రొఫెషనల్ ట్యాక్స్ అని ఉంది. ఇది కేంద్రానిది కాదు, రాష్ట్రం వేసే వృత్తి పన్ను. జీతం 15,000 దాటి 20,000 దాకా ఉంటే నెలకు 150, ఆపైన 200, యజమాని జీతంలోంచి కోసి కట్టాలి. జీతగాళ్ల దగ్గర! అంటే ఒకే నెలలో, ఒకే మనిషిని, పది శాతం కోయడానికి ఉద్యోగి కాదన్నారు, 150 కోయడానికి ఉద్యోగి అన్నారు. ఇది రాష్ట్రపు పన్ను కాబట్టి 26ఏఎస్‌లో కనపడదు, ఆదాయపు పన్ను రీఫండ్‌లో రాదు. ఆరు నెలలకు 900. పేస్లిప్ మొదటి నెలలోనే ఇచ్చి ఉంటే ఆ ముచ్చట మొదటి నెలలోనే తేలేది.

రిటర్న్ వేసేటప్పుడు, ఒకప్పుడు నాతో విద్యార్థి సంఘంలో తిరిగిన మిత్రుడు సాయం చేశాడు. ఇప్పుడు పన్నుల ప్రాక్టీసు చేస్తున్నాడు. ఆమె ఆదాయం గడిలో 96,300 వేయబోయింది, ఎందుకంటే చేతికి వచ్చింది అదే. అతను ఆపాడు. కోసిన పన్ను కూడా నీకు వచ్చిన ఆదాయమే అని చట్టం లెక్క, 1,08,000 వేయాలి అన్నాడు. 26ఏఎస్‌లో 1,08,000 ఉండి రిటర్న్‌లో 96,300 ఉంటే తేడా పట్టుబడుతుంది, రీఫండ్ ఆగుతుంది. ఇక ఏ ఫారం అన్నది. 194జె అనగానే కొందరు ఐటీఆర్-4 వేసి, సగమే ఆదాయం అనే సెక్షన్ 44ఏడీఏ వాడమంటారు. అది చట్టం పేరు పెట్టి చెప్పిన వృత్తులకే. ఆరు నెలలు ఇంటర్న్‌గా సబ్‌టైటిల్స్ రాసిన పిల్లకు ఆ అంగీ అతకదు అన్నాడు. ఐటీఆర్-1లో ఇతర ఆదాయం కింద 1,08,000, జీతం కాని టీడీఎస్ కింద 10,800 చూపించాడు. పన్ను సున్నా, రావాల్సింది 10,800. ఇంటర్న్‌షిప్ తర్వాత కూడా అదే పని ఫ్రీలాన్స్‌గా చేస్తూ పోయేవాళ్ల లెక్క వేరు, వాళ్లు అడిగి వేసుకోండి.

వేయడానికి ముందు ఆమె అసలు భయం బయటపెట్టింది. "రిటర్న్ ఏస్తే స్కాలర్‌షిప్ పోతదంట కదా మేడమ్? ఇప్పుడు ఎంఏల చేరాలె." ఈ భయం వల్లే మన పిల్లలు ఎంతోమంది ఆ డబ్బు వదిలేస్తున్నారు. రెండు మాటలు. రిటర్న్ వేస్తే ఆదాయం కొత్తగా పుట్టదు. కంపెనీ స్టేట్‌మెంట్ వేసిన రోజే ఆ 1,08,000 ఆమె పాన్ మీద ఎక్కింది. రిటర్న్ వేయకపోతే ఆదాయం దాగదు, రీఫండ్ ఒక్కటే పోతుంది. ఇక ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ కేంద్ర మార్గదర్శకాలు చూసేది తల్లిదండ్రుల ఆదాయాన్ని, దానికి పరిమితి రెండున్నర లక్షలు. తెలంగాణ ఈపాస్‌లోనూ కుటుంబ ఆదాయానికి ఒక పరిమితి ఉంది. హమాలీ తండ్రి ఆదాయం అందులోపే ఉంది. ఆరు నెలల్లో అయిపోయిన ఆమె సొంత సంపాదన కలిపినా ఆ గీత దాటడం లేదు. లెక్కేసి చూపించాక నమ్మింది.

ఆ తర్వాత ఇంటిపేరు. పోయిన భాగం చదివినవాళ్లకు కొత్త కాదు. పాన్ మీద ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాస్‌బుక్‌లో ఒక్క అక్షరమే ఉంది. రీఫండ్ పడాలంటే పోర్టల్‌లో బ్యాంకు ఖాతాను ముందుగా ధ్రువీకరించాలి. పేరు కలవలేదని ఒకసారి తిప్పికొట్టింది. బ్యాంకుకు పోయి కేవైసీ మార్పించుకుని రావడానికి వారం పట్టింది. ఆధార్‌తో లింకు కాని పాన్ అయితే ఇంకా కష్టం. అది పనిచేయని పాన్ అవుతుంది, కోత పది కాదు ఇరవై శాతం పడుతుంది, రీఫండ్ ఆగిపోతుంది. ఇంటర్న్‌షిప్‌లో చేరకముందే ఈ రెండూ చూసుకోండి.

ఆగస్టు రెండో వారంలో రిటర్న్ వేశాం. వేశాక ముప్పై రోజుల్లో ధ్రువీకరించాలి, లేకపోతే వేసినట్టు కాదు. దానికి ఆధార్ ఓటీపీ సులువు. కానీ ఆమె ఆధార్‌కు ఉన్నది వాళ్ల నాన్న ఫోన్ నంబర్. ఆయన అప్పుడు యార్డులో ఉన్నాడు. ఫోన్ చేస్తే వెనక లారీల మోత.

"బాపూ, నీ ఫోన్‌కు ఆరంకెల మెసేజ్ వస్తది, సదివి చెప్పు."

"ఇంగ్లీషుల ఉన్నది బిడ్డా."

"అంకెలు చూడు బాపూ. అంకెలు ఒక్కటే."

బస్తాల లెక్క రాసుకునే మనిషి. అంకెలు ఆయనకు బాగా తెలుసు. ఒక్కొక్కటి ఆగి ఆగి చెప్పాడు, ఆరూ చెప్పి, మళ్లీ మొదటి నుంచి ఒకసారి చదివాడు, తేడా రాకుండా. స్క్రీన్ మీద పచ్చ గుర్తు వచ్చింది. అవతల ఆయన "ఎవరన్న అడిగితే చెప్పొద్దంటరు గద ఇవి, ఏం కాదు గద?" అంటున్నాడు. ఆమె నవ్వుతూ "నాకే బాపూ, నాకు చెప్తే ఏం కాదు" అంది.

సెప్టెంబర్‌లో ఖాతాలో 11,120 పడ్డాయి. 10,800 అసలు, మిగతాది నెలకు అర శాతం చొప్పున ఏప్రిల్ నుంచి వడ్డీ, చివర పది రూపాయలకు సర్దుబాటు. మన సొమ్ము తమ దగ్గర ఉన్నందుకు సర్కారు వడ్డీ ఇస్తుందన్న సంగతి వాళ్ల నాన్నకు ఎంతకీ నమ్మబుద్ధి కాలేదట. ఇన్నేళ్లూ వడ్డీ ఒక దిక్కే పోతదని ఆయన లెక్క.

గడువుల గురించి చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నా. గడువులోపు వేయలేకపోయినవాళ్లకు ఆ డిసెంబర్ 31 దాకా ఆలస్యపు రిటర్న్ ఉంటుంది. ఆదాయం మినహాయింపు పరిమితి లోపే ఉంటే ఆలస్య రుసుము కూడా పడదు. డిసెంబర్ దాటితే అప్‌డేటెడ్ రిటర్న్ అని ఒకటి ఉంది గానీ, దానితో రీఫండ్ అడగడానికి లేదు. అప్పుడు ఆలస్యాన్ని మన్నించమని సెక్షన్ 119(2)(బి) కింద దరఖాస్తు పెట్టుకోవాలి, ఐదేళ్ల లోపు సంవత్సరాలకు. కారణం చూపించాలి, అది ఒప్పుకోవాలా వద్దా అన్నది వాళ్ల చేతిలో ఉంటుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 చట్టం, వచ్చింది కాబట్టి అప్పటి నుంచి వచ్చే స్టైపెండ్‌లకు నేను చెప్పిన సెక్షన్ నంబర్లు మారతాయి. జీతమని కోశారా, ఫీజు అని కోశారా అన్న ప్రశ్న మాత్రం మారదు, చేరిన మొదటి వారంలోనే మెయిల్‌లో అడగండి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎంఏ చదువుతోంది. స్కాలర్‌షిప్ దరఖాస్తు దాటింది. వృత్తి పన్ను పేరుతో కోసిన 900 ఇంకా రాలేదు. "నేను ఉద్యోగినైతే 10,800 ఎందుకు కోశారు, కాకపోతే 900 ఎందుకు కోశారు, రెంటిలో ఏదో ఒకటి రాసివ్వండి" అని కంపెనీకి మూడో మెయిల్ పెట్టింది. ఆ వాక్యం నేను రాసింది కాదు, తనే రాసింది. జవాబు కోసం చూస్తున్నాం.

వచ్చే భాగం అప్రెంటిస్‌షిప్ ఒప్పంద పత్రం గురించి. మీ దగ్గర ఉన్నవి పేర్లు, పాన్ నంబర్లు కొట్టేసి పంపండి.

జై భీమ్.